కంట్లోంచి కిరణాలు వెళ్తాయా, కంట్లోకి వెలుగు వస్తుందా: ఇబ్న్ అల్-హైతమ్ ప్రయోగాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మనం ఒక వస్తువును చూసినప్పుడు కంటికీ ఆ వస్తువుకూ మధ్య ఏమి జరుగుతుందన్న ప్రశ్నను పదకొండవ శతాబ్దంలో ఒక పండితుడు గొట్టంతో, దీపాలతో, చివరికి ఒక సూదితో పరీక్షించి చూశాడు. ఈ భాగమంతా ఆయన చేసిన ఆ పరీక్షల గురించే. కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, దృష్టి శాస్త్ర చరిత్రను చాలాకాలంగా అధ్యయనం చేస్తున్న మేడమ్ ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ముందుగా ఆయన ఎవరో చెబుతారా?

అతిథి: నమస్కారమండి. ఆయన పేరు ఇబ్న్ అల్-హైతమ్. 965 ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లోని బస్రాలో పుట్టారు, ఆ తరువాత కైరోలో స్థిరపడ్డారు, 1040 ప్రాంతంలో మరణించారు. ఆయన అరబ్బీలో రాసిన 'కితాబ్ అల్-మనాజిర్' అనే దృష్టి శాస్త్ర గ్రంథం ఏడు భాగాలుగా ఉంటుంది. ఆయన జీవితం గురించి ప్రచారంలో ఉన్న కథల్లో చాలావాటికి గట్టి ఆధారం లేదు కనుక వాటిని పక్కన పెట్టి, గ్రంథంలో ఏముందో చూడటమే మేలని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: ఆయనకు ముందు చూపును గురించి పండితులు ఏమనుకునేవారు?

అతిథి: ప్రధానంగా రెండు పక్షాలు ఉండేవి. యూక్లిడ్, టాలెమీ వంటి గణితజ్ఞులు కంటి నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని చెప్పారు. ప్రకృతి తత్త్వవేత్తలేమో వస్తువు నుంచే ఏదో ఒకటి కంటికి చేరుతుందని వాదించారు. ఇప్పుడు వింటే మొదటి వాదం వింతగా తోస్తుంది కానీ, దాని బలాన్ని మనం తక్కువగా అంచనా వేయకూడదు. కంటిని కొనగా పెట్టుకుని ఒక శంకువును గీస్తే, దూరంగా ఉన్న వస్తువు ఎందుకు చిన్నదిగా కనబడుతుందో ఆ శంకువు కోణంతో లెక్కకట్టి చెప్పవచ్చు. వస్తువు నుంచి ఏదో వస్తుందన్న పక్షం దగ్గర ఇలాంటి లెక్క ఏదీ లేదు. కాబట్టి గణితం ఒక వైపు, భౌతిక కారణం మరొక వైపు ఉండిపోయాయి. ఇబ్న్ అల్-హైతమ్ ఈ రెండింటినీ కలపడానికి పూనుకున్నారు.

వ్యాఖ్యాత: ఆ పని ఎక్కడి నుంచి మొదలుపెట్టారు?

అతిథి: అందరూ ఒప్పుకుంటున్న విషయాన్నే ముందు పరీక్షకు పెట్టారు. మనకు వస్తువులు సరళరేఖల వెంబడే కనబడతాయని అందరూ అనేవారు, ఆయన దాన్ని కూడా చేసి చూడమన్నారు. ఒక నిటారైన కొలబద్దను తీసుకుని దాని మధ్యగా ఒక సరళరేఖ గీయాలి. అంతే పొడవున్న, ఎక్కడా వంపు లేని ఒక బోలు గొట్టాన్ని ఆ కొలబద్దకు బిగించాలి. గొట్టం ఒక చివరను కంటికి ఆనించి, రెండవ చివరను ఎదుట ఉన్న గోడకో వస్తువుకో దగ్గరగా పెట్టి చూస్తే, గొట్టం నోటికి సూటిగా ఎదురుగా ఉన్న భాగం మాత్రమే కనబడుతుంది. ఆ తరువాత గొట్టం నోటిని కొంత మేర మూస్తే, మూసిన మేరకు ఎదురుగా ఉన్న భాగం మాత్రమే మరుగవుతుంది, మిగిలిన భాగం మునుపటిలాగే కనబడుతుంది. కొలబద్ద ఎందుకంటే, గొట్టం నిజంగా నిటారుగా ఉందని ముందే రూఢి చేసుకోవడానికి. పరికరంలో ఉన్న వంపు ఫలితంలోకి చొరబడకూడదన్న ఈ జాగ్రత్త ఆయన గ్రంథమంతటా కనబడుతుంది, నాకు ఆయన మీద గౌరవం కలిగింది కూడా ముఖ్యంగా అందువల్లే.

వ్యాఖ్యాత: అయితే నాకొక సందేహం ఉంది, మేడమ్. కిరణం కంటి నుంచి వెళ్లినా, వస్తువు నుంచి వచ్చినా గొట్టంలో ఫలితం ఒకటే కదా?

అతిథి: మీ సందేహం సరైనదే. గొట్టం పరీక్ష చూపు దారి సరళరేఖ అని మాత్రమే తేలుస్తుంది, ఆ దారిలో ప్రయాణం ఏ దిశలో జరుగుతుందో తేల్చదు. దిశ విషయంలో ఆయన ఆధారపడింది వేరే పరిశీలనల మీద. సూర్యుడి వంటి తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను నొప్పి పెడుతుంది. చీకటి గదిలో ఉండి, వెలుగు వచ్చే కిటికీని కాసేపు చూసి కళ్లు మూసుకుంటే, కిటికీ ఆకారం ఇంకా కనబడుతూనే ఉంటుంది. అంటే వెలుగు కంటి మీద ఏదో ప్రభావం చూపుతోందని అర్థం. ఇక్కడ ఆయన మరొక ప్రశ్న వేశారు. ఒకవేళ కంటి నుంచి కిరణాలు వెళ్తున్నా, వస్తువు గురించిన సమాచారం ఏదో ఒక రూపంలో తిరిగి కంటికి చేరాలి కదా, అలా చేరే వెలుగు ఎలాగూ ఉన్నప్పుడు వెళ్లే కిరణాలతో పనేముంది? ఇది ప్రయోగంతో ఇచ్చిన తిరుగులేని ఖండన కాదు, అనవసరమైన ఊహను తొలగించే తర్కం. ఆయన ప్రతి విషయాన్నీ ప్రయోగంతోనే తేల్చారని చెప్పడం అతిశయోక్తి అవుతుందని నేను విద్యార్థులకు తరచూ చెబుతుంటాను. గణితజ్ఞుల శంకువును మాత్రం ఆయన వదులుకోలేదు. అందులోని కిరణాలు కేవలం ఊహారేఖలని, వాటి వెంబడి ప్రయాణించేది వస్తువు నుంచి వచ్చే వెలుగని తేల్చి, ఆ లెక్కలన్నింటినీ అలాగే ఉంచుకున్నారు.

వ్యాఖ్యాత: మరి దీపాల ప్రయోగం ఏమిటి?

అతిథి: వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తోందంటే, గాలిలో ఆ వెలుగులన్నీ ఒకదానితో ఒకటి కలిసి గందరగోళమైపోవాలి కదా అన్న ఆక్షేపణకు అది సమాధానం. చీకటి గదిలోకి తెరుచుకునే ఒక రంధ్రానికి ఎదురుగా, బయట వేరువేరు చోట్ల కొన్ని దీపాలను పెట్టాలి. గది లోపలి గోడ మీద ఒక్కొక్క దీపానికీ ఒక్కొక్క వెలుగు మచ్చ విడిగా పడుతుంది. ఒక దీపాన్ని మూస్తే, రంధ్రం గుండా దానికి సూటిగా ఉన్న మచ్చ ఒక్కటే పోతుంది. ఆ అడ్డు తీసేస్తే అదే చోట మళ్లీ వస్తుంది. వెలుగులన్నీ ఒకే రంధ్రంలో కలుసుకున్నాయి, అయినా ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు.

వ్యాఖ్యాత: దీన్ని మన శ్రోతలు ఇంట్లో చేసి చూడవచ్చా?

అతిథి: తప్పకుండా చేయవచ్చు, కొలతలు మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. ఒక అట్టకు 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి నిలబెట్టండి. దానికి ఒక మీటరు దూరంలో మూడు కొవ్వొత్తులను, ఒక్కొక్క దానికి మధ్య 20 సెంటీమీటర్లు ఉండేలా, వరుసగా పెట్టండి. అట్టకు వెనుక అర మీటరు దూరంలో తెల్ల కాగితం ఉంచి, అట్ట పక్కల నుంచి వెలుగు రాకుండా చూసుకోండి. కాగితం మీద మూడు మచ్చలు 10 సెంటీమీటర్ల ఎడంతో పడతాయి, ఎడమ చివరి కొవ్వొత్తి మచ్చ కుడి చివర ఉంటుంది. ఇప్పుడు రంధ్రాన్ని 10 సెంటీమీటర్లకు పెంచారనుకోండి. ఒక్కొక్క మచ్చ సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పవుతుంది, ఎడం మాత్రం పదే కనుక మచ్చలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అప్పుడు ఒక కొవ్వొత్తిని మూస్తే ఏ భాగం పోయిందో కంటితో చెప్పడం కష్టం. వెలుగులు కలిసిపోయాయని తొందరపడి నిర్ణయించకూడదు. రంధ్రాన్ని మళ్లీ చిన్నది చేయగానే మచ్చలు విడిపోతే, గందరగోళం వెలుగులో కాదు, రంధ్రం పరిమాణంలో ఉందని తెలుస్తుంది. పాక్షిక గ్రహణం నాటి సూర్యబింబం గురించి రాసినప్పుడు కూడా ఆయన ఇదే గమనించారు. రంధ్రం చిన్నదైతే గోడ మీద నెలవంక ఆకారం పడుతుంది, పెద్దదైతే ఆ ఆకారం చెదిరిపోతుంది.

వ్యాఖ్యాత: కానీ కంటిపాప కూడా ఒక రంధ్రమే కదా, అది అంత చిన్నదేమీ కాదు.

అతిథి: ఆయన సిద్ధాంతానికి అసలైన చిక్కు సరిగ్గా అక్కడే ఎదురైంది. వస్తువు మీది ప్రతి బిందువు అన్ని దిశల్లోకీ వెలుగు పంపుతుంది. కాబట్టి కంటి ముందు భాగంలోని ఏ చోటైనా వస్తువు మొత్తం నుంచి వచ్చే వెలుగును అందుకుంటుంది. అలాంటప్పుడు స్పష్టమైన రూపం ఎలా ఏర్పడుతుంది? ఆయన ఇచ్చిన సమాధానం ఇది: ఒక్కొక్క బిందువు నుంచి కంటి ముందుండే పారదర్శక పొర అయిన కార్నియాకు లంబంగా పడే కిరణం ఒక్కటే ఉంటుంది, అది వంగకుండా లోపలి కటకం వరకు సూటిగా వెళ్తుంది. ఏటవాలుగా పడేవి వక్రీభవనం చెంది బలహీనపడతాయి. పలుచని పలక మీదకు ఇనుప గుండును సూటిగా విసిరితే పలకను ఛేదించుకుని పోతుందని, ఏటవాలుగా విసిరితే అంత సులువుగా పోదని ఆయనే ఒకచోట పోల్చి చెప్పారు. లంబ కిరణాలన్నీ కలిసి కంటి కేంద్రం కొనగా ఒక శంకువు అవుతాయి, అది మళ్లీ యూక్లిడ్ శంకువే. ఇది చాలా అందమైన పరిష్కారం. అయినా కొద్దిగా మాత్రమే వంగిన కిరణం లంబ కిరణం కంటే అంతగా ఎందుకు బలహీనపడాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

వ్యాఖ్యాత: ఆ లోపం ఆయనకు తెలియదా?

అతిథి: ఏడవ భాగం చదివితే ఆయన దాన్ని వదిలేయలేదని తెలుస్తుంది. అక్కడే సూది పరీక్ష వస్తుంది. ఒక కన్ను మూసుకుని, తెరిచిన కంటికి బాగా దగ్గరగా ఒక సన్నని సూదిని పట్టుకుని ఎదుటి గోడను చూడాలి. సూది వెనుక ఉన్న గోడ బిందువుల నుంచి వచ్చే లంబ కిరణాలను సూది అడ్డుకుంటుంది కనుక, లంబ కిరణాల గురించి ఆయన ముందు చెప్పిన సిద్ధాంతం ప్రకారం ఆ బిందువులు కనబడకూడదు. కానీ అవి కనబడతాయి, సూది వెడల్పైన పలుచని నీడలా మాత్రమే తోస్తుంది. కాబట్టి వక్రీభవనం చెందిన కిరణాల వల్ల కూడా కన్ను చూస్తోందని ఆయన ఒప్పుకున్నారు. అయితే కన్ను వాటిని లంబ రేఖల వెంబడి వచ్చినట్టుగానే గ్రహిస్తుందని చెప్పి ఊరుకున్నారు. అది ఎలా సాధ్యమో వివరించలేదు. రూపాన్ని గ్రహించేది కటకమేనని నమ్మడం వల్ల ఆయన అంతకు మించి ముందుకు పోలేకపోయారని నేననుకుంటాను.

వ్యాఖ్యాత: ఆ ముడి ఎప్పుడు వీడింది?

అతిథి: ఆయన గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి వెళ్లి, 1572లో బాసెల్‌లో అచ్చయింది. ఆ సంప్రదాయంలోనే చదువుకున్న జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604లో కొత్త వివరణ ఇచ్చారు. ఏ కిరణాన్నీ వదిలేయనక్కర్లేదు, ఒక బిందువు నుంచి బయలుదేరి కంటిపాప అంతటా పడిన కిరణాలన్నింటినీ కంటి వక్రీభవనం మళ్లీ ఒకే బిందువు దగ్గరకు చేరుస్తుంది, ఆ బిందువు కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనా మీద ఉంటుంది, అక్కడి చిత్రం తలకిందులుగా ఉంటుందని ఆయన చెప్పారు. దీనితో సూది పరీక్షకు కూడా అర్థం దొరికింది. మసక వెలుతురులో కంటిపాప సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, సూది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గోడ మీది ఒక బిందువు నుంచి వచ్చే కిరణాల్లో కొన్నింటిని సూది ఆపినా, దాని రెండు పక్కల నుంచి దూరిన కిరణాలు రెటీనా మీద అదే చోట కలుస్తాయి. అందువల్ల ఆ బిందువు కాస్త మసకబారుతుందే తప్ప మాయమైపోదు. మీరు చేసి చూస్తే మాత్రం సూదికి బదులు కొసలేని సన్నని పుల్లనో మొద్దు తీగనో వాడండి, కంటికి కనీసం రెండు వేళ్ల దూరంలో పట్టుకోండి, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో చేయండి. ఎర్రటి ఎండలో కంటిపాప 2 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది కనుక పుల్ల అందులో ఎక్కువ భాగాన్ని కప్పేస్తుంది, దాని వెనుక ఉన్నది ఎంతో మసకగా కనబడుతుంది.