హిమోగ్లోబిన్ నార్మల్, మరి ఈ అలసట ఎక్కడిది?

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక్క రక్తపరీక్ష చుట్టూ మాట్లాడతాను. దాని పేరు ఫెరిటిన్. మామూలు రక్తపరీక్షల్లో ఇది చాలాసార్లు ఉండదు, మనం అడిగితేనే చేస్తారు.

నా దగ్గరికి ముప్పై నాలుగేళ్ల ఆమె ఒకరు వచ్చారు. వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతారు. అదే దారిలో, అదే వేగంతో వెళ్తున్నా చేతి వాచీలో గుండె వేగం 140 నుంచి 155కి చేరిందని చూపించారు. రెండంతస్తుల మెట్లెక్కితే తొడలు బరువెక్కుతున్నాయట. ఎనిమిది గంటలు నిద్రపోయినా బడలిక తీరడం లేదు. ఇంట్లోవాళ్లు "ఎక్కువ పరుగెత్తుతున్నావు, ఆపేయ్" అన్నారు. చేతిలో ఉన్న రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.7. ఆడవాళ్లకు 12 దాటితే రక్తహీనత లేనట్టే కాబట్టి, అంతకుముందు చూసినవాళ్లు అక్కడితో వదిలేశారు. నేను ఫెరిటిన్ చేయించాను. 9 వచ్చింది.

ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిన ఇనుము ఎంతుందో చెప్పే లెక్క. గాదె అడుగంటినా ఆ పూట భోజనానికి లోటు కనిపించదు కదా, ఇదీ అంతే. నిల్వలన్నీ కరిగిపోయాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది. ఫెరిటిన్ 15 కంటే తగ్గితే నిల్వలు ఖాళీ అయినట్టే. వ్యాయామం చేసే ఆడవాళ్ల విషయంలో చాలామంది వైద్యులు 30 లోపు ఉన్నా పట్టించుకుంటారు. రక్తహీనత రాకముందే అలసట ఎందుకంటే, ఇనుము రక్తానికి మాత్రమే కాదు, కండరాల కణాల్లో శక్తిని తయారుచేసే ఎంజైములకూ కావాలి.

ఇప్పుడు చిన్న లెక్క చెప్తాను. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలసరిలో 60 మిల్లీలీటర్లు పోతే 30 మిల్లీగ్రాములు, అంటే రోజుకు ఒక మిల్లీగ్రాము పోయినట్టు. చర్మం, పేగుల ద్వారా మామూలుగా పోయేది ఇంకొక మిల్లీగ్రాము వేసుకోండి. తిన్న ఇనుములో పదోవంతు మాత్రమే ఒంటబడుతుందనుకుంటే, రోజూ ఇరవై మిల్లీగ్రాములు తినాలి. బరువు తగ్గాలని భోజనం కుదించేసినవాళ్లకు ఇది అందడం చాలా కష్టం.

వ్యాయామం ఇందులో ఇంకో మెలిక పెడుతుంది. గట్టిగా శ్రమపడ్డాక మూడు నుంచి ఆరు గంటల వరకు కాలేయం నుంచి హెప్సిడిన్ అనే హార్మోను ఎక్కువగా వస్తుంది. అది పేగుల్లో ఇనుము లోపలికి వెళ్లే ద్వారాన్ని మూసేస్తుంది. ఆమె ఉదయం పరుగెత్తి, స్నానం చేసి, రెండు గంటలు ఆగి తవుడు కలిపిన అల్పాహారం తిని, దానితోపాటే టీ తాగేవారు. ఆరోగ్యం కోసమే చేశారు పాపం. కానీ తవుడులో ఉండే ఫైటేట్, టీలోని టానిన్ రెండూ ఇనుమును పట్టేసుకుంటాయి. దానికితోడు అది హెప్సిడిన్ పెరిగి ఉండే వేళ.

అందుకే తిండి విషయంలో ఎంత ఇనుముందని కాక, ఎంత ఒంటబడుతుందని చూడండి. మాంసం, కాలేయం, చేపలు, ఆల్చిప్పల్లో ఉండే ఇనుము తేలిగ్గా లోపలికి వెళ్తుంది. పప్పులు, శనగలు, బీన్స్, టోఫు, గుమ్మడి గింజల్లోనిది అంత తేలిగ్గా వెళ్లదు. ఉడికిన పప్పు ఒక పెద్ద కప్పు తింటే ఆరు మిల్లీగ్రాముల దాకా వస్తుంది, దాని మీద నిమ్మరసం పిండినా, పక్కన జామపండో క్యాప్సికమో పెట్టుకున్నా ఒంటబట్టేది బాగా పెరుగుతుంది. పాలకూర మీద చాలామందికి నమ్మకం ఎక్కువ. అందులో ఇనుము ఉన్నమాట నిజమే, ఒంటబట్టేది మాత్రం తక్కువ. మానేయమనడం లేదు, దాని మీదే ఆధారపడొద్దంటున్నాను. టీ, కాఫీలు భోజనానికి గంట అటూ ఇటూ జరపండి. గర్భిణులు కాలేయం తినకూడదు, అందులో విటమిన్ ఏ మితిమీరి ఉంటుంది.

9 దగ్గర ఉన్నప్పుడు తిండి ఒక్కటే సరిపోదు. ఆమెకు రోజు మార్చి రోజు ఉదయం ఒక ఇనుము మాత్ర ఇచ్చాను. పరుగెత్తని రోజుల్లో పరగడుపున, పరుగెత్తే రోజు అయితే పరుగు ముగిసిన అరగంటలోపే వేసుకోమన్నాను. పరీక్ష లేకుండా సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి, ఇనుము ఎక్కువగా పేరుకునే జబ్బు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడో, గట్టి వ్యాయామం చేసిన మర్నాడో ఈ పరీక్షకు రక్తం ఇవ్వొద్దు, ఫెరిటిన్ ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉంటే, ఆ కారణానికీ వైద్యం జరగాలి.

మూడు నెలలకు ఆమె ఫెరిటిన్ 36 అయింది. హిమోగ్లోబిన్ 13.5. అంటే, మొదట్లో నార్మల్ అని రాసిన 12.7 ఆమె ఒంటికి నార్మల్ కాదు. పాత దారిలో గుండె వేగం మళ్లీ 142 దగ్గరికి వచ్చింది.