రూపాయలు కుదవపెట్టి డాలర్లు తెచ్చుకునే లెక్క

అందరికీ నమస్కారం. వెనక వరసలో పిల్లలకు వినపడ్తాందా? సరే. ముందు వరసలో ముగ్గురాయి, పలకల ఎగుమతులు చేసే పెద్దోళ్లు ఉన్నారు, వెనకేమో బీకాం పిల్లలు, ఇద్దరికీ ఒకే మాట చెప్పాలంటే నాకు తెలిసింది ఒకటే దోవ, ఒక పార్టీ కథ తీసుకుని దాన్ని రూపాయి రూపాయికి లెక్కేసి చూపించడం. నేను బ్యాంకులో ఫారెక్స్ డెస్క్ మీద చాలా ఏండ్లు కూర్చున్నా, కడప కస్టమర్ల ఫోన్లు ఎట్లా వస్తాయో నాకు తెలుసు, "సార్ డాలర్ ఎంత" అని అడిగి పెట్టేస్తారు. ఈ రోజు చెప్పేది డాలర్ ఎంత అనే దాని గురించి కాదు. డాలర్‌ను కొన్నాళ్లకి తెచ్చుకుని మళ్లీ ఎట్లా తిరిగిచ్చేయాలి అనేది.

పార్టీ ఎవురో చెప్పను. మంగంపేట ముగ్గురాయి కొని పొడి కొట్టించి గల్ఫ్‌కు పంపిస్తాడు, ఆయిల్ బావులు తవ్వేటప్పుడు ఆ పొడి వాడతారని మీకు తెలుసు. అతనికి 2 లక్షల డాలర్ల బిల్లు రావాల్సి ఉంది, కొనేవాడు 90 రోజుల టైం పెట్టుకున్నాడు. ఇంతలో పొడి కొట్టే మిల్లుకి బయటి దేశం నుంచి కొత్త మిషన్ తెప్పించాడు, దానికి కట్టాల్సింది కూడా సరిగ్గా 2 లక్షల డాలర్లే, కానీ ఇప్పుడే కట్టాల. డాలర్లు వచ్చేది మూడు నెలలకి, పోయేది ఈ వారం. చేతిలో ఉన్నది రూపాయల క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే కావాల్సినప్పుడు వడ్డీకి తీసుకోమని బ్యాంకు ఇచ్చిన అప్పు హద్దు.

మామూలుగా అయితే ఏం చేస్తాడు, స్పాట్‌లో, అంటే ఇప్పటి మార్కెట్ రేటుకి, డాలర్లు కొని కట్టేస్తాడు, మూడు నెలల తర్వాత డాలర్లు వస్తే ఆ రోజు రేటుకి అమ్ముకుంటాడు. 83కి కొన్నాడనుకోండి (లెక్క కోసం చెప్తాండా, ఈ రోజు రేటు కాదు), మూడు నెలలకి 81 అయితే 4 లక్షలు పోయినట్టే. కొన్నదీ 2 లక్షల డాలర్లే, అమ్మబోయేదీ 2 లక్షల డాలర్లే, మధ్యలో మూడు నెలలకి ఊరికే జూదం ఆడినట్టు అయితుంది.

అందుకే స్వాప్. ఒకే బ్యాంకుతో ఒకే టైంలో రెండు పనులు, ఇప్పుడు స్పాట్‌లో 2 లక్షల డాలర్లు కొనడం, అదే 2 లక్షల డాలర్లు 90 రోజుల తర్వాత తేదీకి ఫార్వర్డ్‌లో అమ్మేయడం. రెండు రేట్లూ ఈ రోజే ఫిక్స్. మన ఊర్లో బంగారం కుదవ పెట్టి రూపాయలు తెచ్చుకుంటారు చూడండి, ఇక్కడ రూపాయలు కుదవపెట్టి డాలర్లు తెచ్చుకుంటారు, గడువుకి డాలర్లు ఇచ్చేసి రూపాయలు విడిపించుకుంటారు. తేడా ఒకటే, బంగారం కుదవలో వడ్డీ మీరే కడతారు, ఇక్కడ ఇద్దరి దగ్గరా డబ్బే ఉంది కాబట్టి ఇద్దరి వడ్డీ ఒకదాన్లో ఒకటి తీసేసి మిగిలిన తేడాను రేట్లోనే పెట్టేస్తారు. దాన్నే ప్రీమియం అంటారు.

ఎంత పెడతారు? రూపాయి వడ్డీ 7 శాతం, డాలర్ వడ్డీ 5 శాతం అనుకుందాం. 83 రూపాయల మీద 90 రోజుల రూపాయి వడ్డీ కలిపి, ఒక డాలర్ మీద 90 రోజుల డాలర్ వడ్డీ కలిపి, మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 83.39 వస్తుంది. పిల్లలు ఇంటికి పోయి వేసి చూడండి, కాకపోతే రూపాయికి సంవత్సరం 365 రోజులు, డాలర్‌కి 360 రోజులు, ఇది మర్చిపోతే లెక్క పైసల్లో తేడా వస్తుంది. అంటే ప్రీమియం 39 పైసలు. ఇది డాలర్ పెరుగుతుందని ఎవరో చెప్పిన జోస్యం కాదు అబ్బా, ఊరికే వడ్డీల తేడా. నా దగ్గరికొచ్చిన వాళ్లలో సగం మంది "ఫార్వర్డ్ 83.39 ఉందంటే డాలర్ అంతకి పోతుందన్నమాట" అనేవాళ్లు, చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది.

ఇప్పుడు మన పార్టీ లెక్క. ఈ రోజు ఇచ్చింది 1 కోటి 66 లక్షలు. 90 రోజులకి వెనక్కొచ్చేది 1 కోటి 66 లక్షల 78 వేలు. పైన 78 వేలు వచ్చింది కదా లాభమే అనుకుని సంబరపడేరు, ఆగండి. ఆ 1.66 కోట్లు క్యాష్ క్రెడిట్‌లో 9 శాతానికి తీశాడు, 90 రోజులకి వడ్డీ 3 లక్షల 68 వేలు. అందులోంచి 78 వేలు తీసేస్తే నికరంగా 2 లక్షల 90 వేలు ఖర్చు. దీన్ని డాలర్ల మీద ఏడాది వడ్డీగా మారిస్తే దాదాపు 7 శాతం. అంటే ఈ మనిషి మూడు నెలలకి 2 లక్షల డాలర్లు 7 శాతానికి అప్పు తెచ్చుకున్నట్టు. ఇప్పుడు పోయి బ్యాంకును అడగాల, నేరుగా డాలర్ లోను ఇస్తే ఎంతకిస్తారు అని. 6కి ఇస్తే స్వాప్ వద్దు. 8 అంటే స్వాప్ మేలు. ఒకవేళ రూపాయలు అప్పు కాదు, ఊరికే కరెంట్ అకౌంట్లో పడున్నాయనుకోండి, అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది, స్వాప్ చానా చౌక. అందరూ ప్రీమియం చూస్తారు గానీ ఆ రూపాయలు తనకి ఎంతకి పడ్డాయో చూసుకోరు.

బ్యాంకు దగ్గర జాగర్త పడాల్సింది ఒకటుంది, నేనే బ్యాంకోడిని కాబట్టి చెప్తా. స్వాప్‌లో రెండు కాళ్లకీ, అంటే ఇప్పుడు కొనేదానికీ గడువుకి అమ్మేదానికీ, ఒకే స్పాట్ రేటు పెట్టాల, పైన ప్రీమియం పైసలు మాత్రమే బేరం. స్పాట్ 83 పెట్టినా 83.10 పెట్టినా పెద్ద తేడా పడదు, ఎందుకంటే కొన్నదే అమ్ముతాండారు. కానీ మీరు పోయి ఈ రోజు "డాలర్లు కొనాల" అని ఒక డీల్, మధ్యాహ్నం "ఫార్వర్డ్ అమ్మాల" అని ఇంకో డీల్ చేశారనుకోండి, కొనేటప్పుడు 83.05 వేస్తారు, అమ్మేటప్పుడు 82.95 మీద ప్రీమియం కలుపుతారు, 10 పైసలు గోవిందా, 2 లక్షల డాలర్ల మీద 20 వేలు. ఒక్క పైసా అంటే 2 వేల రూపాయలు, అది గుర్తుపెట్టుకుంటే చాలు. ఫోన్లో "బై-సెల్ స్వాప్, 2 లక్షలు, 3 నెలలు, ప్రీమియం ఎంత" అని అడగండి. అవతల డీలర్‌కి మీకు విషయం తెలుసని ఆ ఒక్క వాక్యంతో అర్థమైపోతుంది, రేటు కూడా కొంచెం దిగొస్తుంది. రావాల్సిన బిల్లు, కట్టాల్సిన ఇన్‌వాయిస్ కాగితాలు మాత్రం దగ్గర పెట్టుకోండి, బ్యాంకు అడిగితే చూపించాల.

ఇంకో చిన్న సంగతి, స్పాట్ అంటే ఈ రోజు కాదు, రెండు పని దినాల తర్వాత. రేపే కట్టాలంటే టామ్, ఈ రోజే అంటే క్యాష్, వాటికి రేటు కొద్దిగా వేరే. ముంబైలోనో న్యూయార్క్‌లోనో సెలవుంటే తేదీ జరుగుతుంది.

ఇంక అసలు కష్టం ఎక్కడొచ్చిందో చెప్తా. 90 రోజులైంది. గల్ఫ్ పార్టీ "ఇంకో నెల ఆగు" అన్నాడు. స్వాప్ రెండో కాలు మాత్రం ఆగదు, 2 లక్షల డాలర్లు 83.39కి బ్యాంకుకి ఇచ్చి తీరాల్సిందే. ఆ రోజు స్పాట్ 84.60. బ్యాంకు ఏం చేస్తుంది, అతని పేరు మీద 84.60కి కొని 83.39కి తీసుకుంటుంది, డాలర్‌కి 1 రూపాయి 21 పైసలు, మొత్తం 2 లక్షల 42 వేలు అకౌంట్లోంచి ఆ రోజే కట్. మళ్లీ 30 రోజులకి కొత్తగా ఫార్వర్డ్ అమ్ముతుంది, 84.60 మీద 13 పైసలు కలిపి 84.73కి. పార్టీ నా టేబుల్ మీద చేత్తో కొట్టి "నష్టం రాదంటివి కదా సార్, రెండున్నర లచ్చలు యాడికి పాయె" అన్నాడు.

నేను కాగితం మీద వేసి చూపించా. నెల తర్వాత 84.73 లెక్కన 1 కోటి 69 లక్షల 46 వేలు వస్తుంది. అందులోంచి ఈ 2 లక్షల 42 వేలు తీసేస్తే 1 కోటి 67 లక్షల 4 వేలు. మొదట ఇచ్చిన 1.66 కోట్ల మీద 1 లక్ష 4 వేలు ఎక్కువ, అంటే 39 ప్లస్ 13, 52 పైసలు, నాలుగు నెలల ప్రీమియం అంతా చేతికొచ్చింది. డబ్బు ఎక్కడికీ పోలేదు, ముందు కట్టి వెనక తీసుకోవాల్సి వచ్చింది అంతే. కానీ ఆ నెలలో అతని లిమిట్ నిండిపోయి ఉంది, కూలీల జీతాలు ఆగినాయి, కాగితం మీద లాభం చూపిస్తే ఆకలి తీరుతుందా? "పాత రేటుకే ఇంకో నెల పొడిగించు సార్" అన్నాడు, అది రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు, పాత రేట్లోపల నష్టం దాచిపెట్టినట్టు అవుతుందని. అందుకే వచ్చే డబ్బు మీద అనుమానం ఉంటే స్వాప్ గడువు బిల్లు గడువు అయిపోయిన పది పదిహేను రోజుల తర్వాతకి పెట్టుకోమంటా, లిమిట్‌లో కొంత ఖాళీ ఉంచుకోమంటా. ఇక కొనేవాడు మొత్తానికే ఎగ్గొడితే మాత్రం ఆ 1.21 నిజమైన నష్టమే, వెనక్కిచ్చే డాలర్లే లేవు కదా.

ఇదే పని పెద్దోళ్లు కూడా చేస్తారు. 2013 ఆగస్టులో రూపాయి దబదబా పడిపోతున్నప్పుడు ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు రోజూ మార్కెట్లో డాలర్లు కొంటుంటే ఇంకా పడిపోతుందని రిజర్వ్ బ్యాంకు వాళ్లకి ప్రత్యేక స్వాప్ విండో తెరిచింది, ఇప్పుడు డాలర్లు తీసుకోండి, గడువుకి డాలర్లే తిరిగివ్వండి అని. 2020 మార్చిలో కరోనా భయానికి ప్రపంచమంతా డాలర్ల కోసం పరిగెత్తినప్పుడు 200 కోట్ల డాలర్లకి ఆరు నెలల స్వాప్ వేలం పెట్టింది. ఆ ప్రకటనలో "సెల్-బై" అని ఉంటుంది, చూసి తికమక పడొద్దు. మొదటి మాట దగ్గరి కాలుది, అది రిజర్వ్ బ్యాంకు వైపు నుంచి చెప్పిన పేరు. బ్యాంకుల వైపు నుంచి అది మన పార్టీ చేసిన బై-సెల్లే. మీరు ఫోన్లో తిరగేసి చెప్పారంటే డీల్ కూడా తిరగబడుతుంది, ఒకసారి నా కళ్ల ముందే జరిగింది, సాయంత్రం దాకా సరిచేసుకున్నాం.

అట్లా డాలర్లకి కరువొచ్చిన రోజుల్లో మీ లెక్కలో ఏం మారుతుందో చూడండి. అందరూ బై-సెల్ కోసం ఎగబడితే ప్రీమియం పడిపోతుంది. మన 39 పైసలు 15 అయిందనుకోండి, 24 పైసలు పోయినట్టు, 83 మీద మూడు నెలలకి 24 పైసలంటే ఏడాదికి 1.16 శాతం దాకా. మన పార్టీకి 7 పడింది 8 దాటుతుంది. పేపర్లో డాలర్ వడ్డీ పెరిగిందని ఎక్కడా రాయరు, మీ స్వాప్‌లో మాత్రం పెరిగే ఉంటుంది. ఆ రోజు ఉదయమే ప్రీమియం అడిగి, పక్కనే డాలర్ లోను రేటు అడిగి, కాలిక్యులేటర్ తీసి రెండూ వేసి చూసుకోవాల.

ఇంక అడగాల్సినవి ఉంటే అడగండి. ఆ పచ్చ చొక్కా అబ్బాయి చేయి ఎత్తి చానాసేపైంది.