పైరూవేట్ ద్వారం దగ్గర నలుగురు హమాలీలు

నీరసంగా ఉందని మందుల దుకాణానికి వెళ్లి ‘బలానికి బి కాంప్లెక్స్ ఇవ్వండి’ అని అడగడం మన వరంగల్‌లో చాలా మామూలు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది, ఎందుకంటే శరీరం మండించుకోగల శక్తి బి విటమిన్లలో ఒక్కదానిలోనూ లేదు. అవి సహ ఎంజైములకు ముడిసరుకు మాత్రమే.

మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్ యార్డును గుర్తు చేసుకోండి. బస్తాలు మనం తిన్న అన్నం నుంచి వచ్చిన గ్లూకోజ్ అనుకుంటే, సహ ఎంజైములు హమాలీలు. హమాలీ ఒక బస్తా దింపి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చి, మరొకటి ఎత్తుకుంటాడు. అన్నం వందల గ్రాములు తినే మనిషికి థయమిన్, అంటే బి1, రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే సరిపోవడానికి కారణం ఇదే.

(తెరపై: పైరూవేట్ డీహైడ్రోజినేజ్)

గ్లూకోజ్ పైరూవేట్‌గా ఎలా మారుతుందో మీకు తెలుసు కాబట్టి, నేరుగా దాని తరువాతి ద్వారం దగ్గరికి వెళ్దాం. అక్కడ థయమిన్ నుంచి తయారైన థయమిన్ పైరోఫాస్ఫేట్ పైరూవేట్‌లోని ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలించి, మిగిలిన రెండు కార్బన్ల ముక్కను పట్టుకుంటుంది. దానిని లిపోయిక్ ఆమ్లం అందుకొని, బి5తో తయారైన కోఎంజైమ్ ఏకు అప్పగిస్తుంది. అదే అసిటైల్ కోఏ. ఈ క్రమంలో లిపోయిక్ ఆమ్లం మీదికి చేరిన హైడ్రోజన్లను బి2 నుంచి వచ్చిన ఎఫ్ఏడీ తీసుకొని, బి3 నుంచి వచ్చిన ఎన్ఏడీకి ఇస్తుంది. లిపోయిక్ ఆమ్లాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది కనుక, బయటి నుంచి రావలసిన హమాలీలు నలుగురు.

వీరిలో థయమిన్ రాకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కొన్ని వారాలుగా అన్నం మానేసి మద్యం మీదే గడిపిన వ్యక్తి వాంతులతో ఆసుపత్రికి వచ్చాడనుకోండి. శరీరంలో థయమిన్ నిల్వ దాదాపు 30 మిల్లీగ్రాములే, అది రెండు మూడు వారాలలో తరిగిపోతుంది; పైగా మద్యం పేగులో దాని శోషణను అడ్డుకుంటుంది. అతనికి నీరసమని గ్లూకోజ్ సెలైన్ ఒక్కటే ఎక్కిస్తే, హమాలీలు లేని యార్డుకు లారీల కొద్దీ బస్తాలు పంపినట్లే. ద్వారం దాటలేని పైరూవేట్ లాక్టేట్‌గా మారి పేరుకుపోతుంది. గ్లూకోజ్ మీదే ఎక్కువగా ఆధారపడే మెదడు ముందుగా దెబ్బతింటుంది: మనిషి తికమకపడతాడు, కళ్లు సరిగా కదలవు, నడక తూలుతుంది. ఇది వెర్నికే వ్యాధి. మూడు లక్షణాలూ కలిసి కొందరిలోనే కనిపిస్తాయి, కాబట్టి మూడూ వచ్చేదాకా ఆగడం, మత్తు దిగలేదులే అని వదిలేయడం రెండూ ప్రమాదమే.

అందుకే అలాంటి రోగికి గ్లూకోజ్‌కు ముందుగా గాని, దానితో పాటుగా గాని థయమిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంటే మాత్రం థయమిన్ కోసం గ్లూకోజ్‌ను ఆపకూడదు. ఇంజెక్షన్ ఇచ్చినా ఫలితం లేకపోతే మెగ్నీషియం చూడాలి, ఎందుకంటే థయమిన్‌కు పైరోఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైము మెగ్నీషియం లేకుండా పని చేయదు. హమాలీ యార్డుకు వచ్చినా బస్తాకు వేసే కొక్కెం చేతికి అందలేదన్నమాట. లోపాన్ని నిర్ధారించడానికి ఎర్ర రక్తకణాలలోని ట్రాన్స్‌కీటోలేజ్‌ను కొలుస్తారు. పరీక్షనాళికలో థయమిన్ పైరోఫాస్ఫేట్ కలపగానే దాని వేగం బాగా పెరిగితే, ఎంజైము ఉన్నా హమాలీ లేడని తేలినట్లే.

ఇక నియాసిన్, అంటే బి3. ఇది లోపిస్తే వచ్చే పెల్లాగ్రాలో ఎండ తగిలే మెడ, చేతుల చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. ఒకప్పుడు జొన్నరొట్టె, జొన్న గటకే ప్రధాన ఆహారమైన మన దక్కనులో ఇది కనిపించేది. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ దీనికి కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంటియా 1960లో ప్రతిపాదించారు. దానిపై తరువాత చాలా వాదన జరిగింది. మన శరీరం ట్రిప్టోఫాన్ నుంచి కూడా ఎన్ఏడీ తయారు చేసుకోగలదు, అయితే ఆ దారిలో బి6 కావాలి. క్షయకు ఐసోనయజిడ్ వాడేవారిలో బి6 తగ్గి అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, అరుదుగా పెల్లాగ్రా కూడా వస్తుంది.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. బి2 లోపిస్తే నోటి మూలలు పగులుతాయి, నాలుక ఎర్రబడి మండుతుంది. బి5 దాదాపు అన్ని ఆహారాలలో ఉంటుంది కనుక దాని లోపం అరుదు. బయోటిన్ కార్బాక్సిలేజ్ ఎంజైములకు సహాయకారి. పచ్చి గుడ్డు తెల్లసొనను నెలల తరబడి తింటే అందులోని ఎవిడిన్ దానిని పట్టేస్తుంది. ఫోలేట్, బి12 కలిసి మిథియోనిన్ తయారీలో పాల్గొంటాయి, ఏది తగ్గినా పెద్ద కణాల రక్తహీనత వస్తుంది. కాని బి12కు మిథైల్‌మలోనైల్ కోఏ దగ్గర మరో పని ఉంది, అది ఫోలేట్‌కు చేతకాదు. కాబట్టి బి12 లోపానికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం రిపోర్టు బాగుపడినట్లు కనిపిస్తుంది, కాళ్లలో నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు.