వియ్యంకుడి దీవెన రష్యన్‌లో చెప్పాలంటే

శ్రోతలకు నమస్కారం.

చదువుకోవడానికి రష్యా వెళ్ళిన తెనాలి అబ్బాయి అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుంటున్నాడు అనుకుందాం. పెళ్ళి విందు అమ్మాయి ఊళ్ళోనే. విందు నడిపించే వ్యక్తిని అక్కడ 'తమదా' అంటారు. అతను పిలవగానే పెళ్ళికొడుకు తండ్రి లేచి మాట్లాడాలి. దాన్నే టోస్ట్ అంటారు. తండ్రి తెలుగులో రాసుకున్నది రష్యన్‌లోకి మార్చే పని మనది.

ఆయన మొదటి మాట, "వియ్యంకుడు గారూ, వియ్యపురాలు గారూ." ఇంగ్లీషులో దీనికి సరైన మాట దొరకదు గానీ రష్యన్‌లో ఉంది. వియ్యంకుడు 'స్వాత్', వియ్యపురాలు 'స్వాత్య'. మన 'గారు' చేసే పనిని అక్కడ తండ్రి పేరుతో కలిపి పిలవడం చేస్తుంది. కాబట్టి అమ్మాయి తల్లిదండ్రుల పేర్లూ, వాళ్ళ తండ్రుల పేర్లూ ముందే కనుక్కుని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వాలి. తెలుగు నోటితో ఆయన ఆ పేర్లు తడబడుతూ పలికినా సరే, అక్కడివాళ్ళు సంతోషిస్తారు.

తర్వాత ఆయన ఒక సరదా మాట రాశారు. "ఇక సంక్రాంతికి మా వాడు మా ఇంటికి రాడు, అత్తారింట్లో అరిసెలు తింటూ కూర్చుంటాడు." దీన్ని ఉన్నదున్నట్టు చెబితే సంక్రాంతి అంటే ఏమిటి, అరిసె అంటే ఏమిటి అని వివరించాలి, అంతలో నవ్వు చల్లారిపోతుంది. అయితే రష్యాలోనూ కొత్త అల్లుడికి మర్యాదలున్నాయి. చలికాలం చివర్లో వచ్చే మాస్లెనిత్సా వారంలో బుధవారం నాడు అల్లుడు అత్తగారింటికి అట్లు తినడానికి వెళ్ళడం ఆనవాయితీ. "క్ త్యోష్షె నా బ్లినీ", అంటే అత్తగారింటికి అట్లకి అనే మాట అందరికీ తెలుసు. "ఇక మా వాడు మా దగ్గరికి రాడు, అత్తగారింటికి అట్లకే వెళ్తాడు" అంటే వివరణ అక్కర్లేకుండానే నవ్వుతారు. ఒక్క జాగ్రత్త. మనకు ఇద్దరూ అత్తలే. రష్యన్‌లో భార్య తల్లి 'త్యోష్షా', భర్త తల్లి 'స్వెక్రోవ్'. ఇవి తారుమారైతే హాస్యం వెళ్ళి పెళ్ళికొడుకు తల్లికి తగులుతుంది.

ఇక సామెతలు. ఆయన రెండు రాశారు. ఒకటి, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయాలి." దీన్ని నేనైతే తీసేయమని చెబుతాను. మన ఊళ్ళో ఇది అందరూ నవ్వి వదిలేసే మాట. అక్కడ తొలిసారి వినేవాళ్ళకు మాత్రం, అబ్బాయి తండ్రే లేచి మా దగ్గర ఏదో దాచాను అని ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది.

రెండోది, "ఆలుమగల కలహం అన్నం తినేదాకానే." ఇది ఉంచాలి. రష్యన్‌లో దీనికి దగ్గరి సామెత "మీలియె బ్రన్యాత్సా, తోల్కా తేషత్సా." ప్రేమ ఉన్నవాళ్ళు పోట్లాడుకున్నా అది సరదాకే అని. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేస్తే తండ్రి మాటలో తెలుగుతనం పోతుంది. అందుకే రెండూ చెప్పించాలి. "మా వైపు ఆలుమగల కలహం అన్నం తినేదాకానే అంటారు. మరి మీ వైపు ఏమంటారు? మీలియె బ్రన్యాత్సా..." అని అక్కడ ఆగాలి. మిగతా సగం బల్లల దగ్గరున్నవాళ్ళే పూర్తిచేస్తారు. ఈ ఆగడం ముఖ్యం కాబట్టి కాగితంలో అక్కడ గీత గీసి చూపించాలి.

అసలు కష్టం దీవెన దగ్గర వస్తుంది. ఆయన రాసింది, "నిండు నూరేళ్ళు చల్లగా ఉండండి." మండే ఎండల దేశంలో చల్లదనమే సుఖం. రష్యన్‌లో చలి అన్న మాట మనుషులకు అంటగడితే ప్రేమ లేకపోవడం అని అర్థం. కొత్త దంపతులను పట్టుకుని చల్లగా ఉండండి అంటే శపించినట్టే. అక్కడ "మీ ఇంట్లో వెచ్చదనం ఉండాలి" అని దీవిస్తారు, "తిప్లా వాషెము దోము" అని. మాట ఎదురుగా తిరిగింది గానీ ఆయన మనసులో ఉన్నది ఇదే. మాట మార్చిన సంగతి ఆయనకు చెప్పి, ఒప్పించాకే కాగితంలో పెట్టాలి. దీవెన ఆయనది కదా.

మన దీవెన అక్కడితో ఆగుతుంది, రష్యన్ టోస్ట్ ఆగదు. "జా" అని మొదలయ్యే ఒక చిన్న వాక్యం చివర్లో రావాలి. "జా మలడీఖ్!", కొత్త దంపతుల కోసం. అది వినపడేదాకా గ్లాసులు ఎత్తినవాళ్ళకు ఎప్పుడు తాగాలో తెలియదు. ఆయన గ్లాసులో పళ్ళరసం ఉన్నా సరిపోతుంది. తెలుగు వాక్యం, రష్యన్ వాక్యం ఒకటి తర్వాత ఒకటి చెబుతూ పోతే సమయం రెండింతలవుతుంది కాబట్టి ఆయన నాలుగు నిమిషాలకు రాసుకుంటే సగం కోయక తప్పదు. కోసేటప్పుడు ముందు పోవాల్సింది బంధువుల పేర్ల జాబితా.

ఇంకొకటి కూడా ఆయనకు ముందే చెప్పాలి. ఆయన కూర్చోగానే హాలంతా "గోర్క, గోర్క" అని అరుస్తుంది. చేదు, చేదు అని దాని అర్థం. చేతిలోని పానీయం చేదుగా ఉంది, తీపి చేయండి అని జంటను ముద్దు పెట్టుకోమంటారు. తన మాటల్లో తప్పేదో దొర్లిందని ఆయన కంగారుపడతారు, పక్కనున్న బామ్మగారు తల తిప్పుకుంటారు. ముందురోజు రాత్రే ఇద్దరికీ ఆ ఆచారం చెప్పి ఉంచండి.