లాభం ఉండగానే తాళం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి. నేరుగా కథలోకి వస్తాను. ఇది లెక్క కోసం అల్లిన కథే.

సంచులు కుట్టే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకోండి. యజమాని చేతిలో 400 ఉంది. వేలో, లక్షలో మీ ఇష్టం. 100కి అమ్మే సరుకుకు బట్ట, దారం, కూలీ కలిపి 80 అవుతుంది. ఆ 80 అదే నెలలో కట్టాలి. కొనే కంపెనీ మాత్రం మూడు నెలల తర్వాత డబ్బిస్తుంది.

మొదటి నెల ఆర్డర్ 100, రెండో నెల 150, మూడో నెల 200. అందరూ మెచ్చుకున్నారు. ఖర్చులు వరుసగా 80, 120, 160. చేతిలో మిగిలింది 40. పుస్తకంలో లాభం చూస్తే 90!

నా బాధంతా ఇక్కడే. వ్యాపారం పెట్టినవాణ్ణి మనం 'మార్జిన్ ఎంత' అని అడుగుతాం. 'డబ్బు ఎప్పుడొస్తుంది' అని ఒక్కరూ అడగరు. మీరు అడిగారా? మీరు?

నాలుగో నెల 300 ఆర్డర్ వచ్చింది. మొదటి నెల బిల్లు 100 చేతికందింది. పాత 40తో కలిపితే 140. కావలసింది 240. ఎలాగో సర్దుకుపోతుందని ఒప్పుకున్నాడు. బట్టకే 140 అయిపోయింది. కూలీ అందక కుట్టేవాళ్లు పనికి రావడం మానేశారు. గడువు దాటింది, ఆర్డర్ రద్దయింది.

అదే ఆర్డర్‌లో మూడో వంతు, అంటే 100, ముందుగా అడిగి ఉంటే సరిగ్గా ఆ లోటు పూడేది. అప్పుడు కూడా చేతిలో సున్నాయే మిగులుతుంది. ఐదో నెల వచ్చేది 150 కాబట్టి, మళ్లీ అడ్వాన్స్ లేకపోతే, 180కి మించి ఆర్డర్ తీసుకోకూడదు. దానికయ్యే ఖర్చు 144. అడ్వాన్స్ ఇవ్వలేమని కంపెనీ అంటే సరుకును రెండు విడతలుగా ఇస్తామనాలి. అదీ కుదరకపోతే పాత బిల్లులను కొంత తగ్గింపుకు ఫైనాన్స్ సంస్థకు ఇచ్చి డబ్బు తెచ్చుకోవాలి. ఆ తగ్గింపు నూటికి మిగిలే 20 లాభంలోంచే పోతుంది, అది మరిచిపోవద్దు. ఇదంతా తెలియడానికి ఒక్క కాగితం చాలు. వారం వారం వచ్చేది ఒక పక్క, పోయేది ఇంకో పక్క రాయాలి, బిల్లు తేదీన కాకుండా డబ్బు చేతికందే తేదీన. ఆర్డర్ ఒప్పుకోకముందే రాయాలి.

సరే, ఇప్పుడు చేతులెత్తండి. కొన్న కంపెనీ ఎగ్గొట్టిందనుకున్నవాళ్లు ఎంతమంది? అబ్బో, సగం పైనే!

కంపెనీ ఒక్క బిల్లూ ఎగ్గొట్టలేదు. ఐదో నెల 150, ఆరో నెల 200, చెప్పిన తేదీకే జమ చేసింది. ఆ చివరి 200 పడేనాటికి, కూలీ బాకీ తీర్చడానికి కుట్టు మిషన్లు అమ్మేసి ఉన్నాడు.