బాకీ ఒప్పుకున్న మెయిల్ ఎక్కడుంది? చిన్న వ్యాపారాలు ఏ ఈ-మెయిళ్లను ఎన్నేళ్లు భద్రపరచాలి

[తెరపై: గుణుపురంలో అడ్డాకుల విస్తర్లు కుట్టి, యంత్రంపై అచ్చు వేస్తున్న చిన్న యూనిట్]

నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో సరుకు ఒడిశాలో తయారవుతుంది, కొనేవారు మాత్రం చాలాసార్లు విజయనగరంలోనో విశాఖపట్నంలోనో ఉంటారు. ఆర్డరు, ధర, చెల్లింపు గడువు, సరుకు బాగాలేదన్న ఫిర్యాదు, అన్నీ మెయిల్లోనే నడుస్తాయి. విడిగా ఒప్పందపత్రం రాసుకోని చోట ఆ మెయిళ్లే ఒప్పందానికి సాక్ష్యం. అందువల్ల వాటిని ఎంతకాలం, ఏ రూపంలో ఉంచాలో ఒక్క లావాదేవీని తీసుకుని వివరంగా చూద్దాం.

గుణుపురంలోని ఒక విస్తర్ల యూనిట్ 2023 జూన్ 10న విశాఖపట్నంలోని టోకు వ్యాపారికి 1,86,000 రూపాయల సరుకు పంపిందనుకుందాం. నెల రోజుల్లో డబ్బు ఇస్తామని కొనుగోలుదారు ఆర్డరు మెయిల్లోనే రాశారు. గడువు జూలై 10తో ముగిసింది, డబ్బు రాలేదు.

[తెరపై: రెండు తేదీలు: 2026 జూలై 10, 2030 డిసెంబరు 31]

ఈ ఒక్క అమ్మకానికి రెండు వేర్వేరు గడువులు నడుస్తున్నాయి. మొదటిది జీఎస్టీకి సంబంధించినది. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఖాతాలను, రికార్డులను ఆ ఆర్థిక సంవత్సరపు వార్షిక రిటర్ను దాఖలు గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మన అమ్మకం 2023-24కు చెందినది. దాని వార్షిక రిటర్ను గడువు 2024 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలు లెక్కిస్తే 2030 డిసెంబరు 31 అవుతుంది. తక్కువ టర్నోవరు ఉన్నవారికి వార్షిక రిటర్ను నుంచి మినహాయింపు ఉన్నా, లెక్కకు ఆ తేదీనే పట్టుకోవడం క్షేమం. చట్టం అడిగేది మెయిల్‌ను కాదు, అందులో వచ్చిన బిల్లును, క్రెడిట్ నోటును. అయితే ముడిసరుకు బిల్లు మెయిల్లో తప్ప వేరే రూపంలో రాకపోతే, ఆ మెయిల్‌ను తీసేయడమంటే మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కు ఆధారాన్ని తీసేయడమే.

రెండవది బాకీ వసూలుకు సంబంధించినది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అమ్మిన సరుకు సొమ్ము కోసం మూడేళ్లలోపు దావా వేయాలి. అరువు గడువు ముందే నిర్ణయమై ఉంటే అది ముగిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది, అంటే మనకు 2026 జూలై 10 వరకు. ఆ నెల రోజుల గడువు ఉందని చెప్పేది ఆర్డరు మెయిల్ ఒక్కటే అన్నది గమనించండి.

అసలు విలువైన మెయిల్ ఇంకొకటి ఉంది. 2025 మార్చి 2న కొనుగోలుదారు "మీకు 1,86,000 ఇవ్వవలసి ఉంది, దసరా తరువాత సర్దుబాటు చేస్తాము" అని కింద తన పేరుతో జవాబు ఇచ్చారనుకోండి. అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు ముగియకముందే బాకీని రాతపూర్వకంగా, సంతకంతో ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ కొత్తగా మొదలవుతాయి. మెయిల్‌ను కూడా అటువంటి ఒప్పుకోలుగా స్వీకరించవచ్చని కర్ణాటక హైకోర్టు 2013లో సుదర్శన్ కార్గో కేసులో తీర్పు ఇచ్చింది. ఒడిశా కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడవలసిన పని లేదు గానీ, దానిని చూపి వాదించవచ్చు. ఆ మెయిల్ మీ దగ్గర ఉంటే 2028 మార్చి 2 వరకు దావాకు అవకాశం ఉంటుంది. లేకపోతే 2026 జూలైతోనే తలుపు మూసుకుపోతుంది. పలకరింపులా కనిపించే ఈ రెండు వరుసల జవాబునే మనవాళ్లు అందరికంటే ముందు చెరిపేస్తున్నారు, నాకు ఎంతో బాధ కలిగించే విషయం ఇదే.

ముందే ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు ఇంకొక దారి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం ఒప్పుకున్న గడువు ఎంతైనా, చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో పడుతుంది. కొనుగోలుదారు ఆంధ్రలో ఉన్నా, సరఫరాదారు ఒడిశాలో ఉంటే ఇటువంటి బాకీ వివాదాలను తేల్చే ఒడిశాలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే ఫిర్యాదు చేయవచ్చు. సరుకుపై అభ్యంతరాన్ని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలన్నది కూడా ఈ చట్టం నియమమే. అందుకే ఫిర్యాదు మెయిల్ వచ్చిన తేదీ, సమయం ఎంతో ముఖ్యం.

[తెరపై: జీమెయిల్ మెనూలో Download message]

ఇక రూపం సంగతి. మెయిల్‌ను ప్రింటు తీసి ఫైలులో పెడితే చాలదు, మరొక చిరునామాకు ఫార్వర్డ్ చేసినా చాలదు. ఐటీ చట్టం 7వ సెక్షన్ అడిగేది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి చేరింది, ఏ తేదీన, ఏ సమయానికి అన్న వివరాలు చెక్కుచెదరకుండా ఉండడం. అవి మెయిల్ హెడర్‌లో ఉంటాయి. ఫార్వర్డ్ చేయగానే అసలు హెడర్ పోయి మీదే కొత్తగా చేరుతుంది. జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో Download message నొక్కితే .eml ఫైలు దిగుతుంది. హెడర్, అటాచ్‌మెంట్ రెండూ అందులో ఉంటాయి. బిల్లు అటాచ్‌మెంటుగా కాక లింకుగా వస్తే, లింకు చచ్చిపోకముందే ఫైలును దింపి అదే ఫోల్డర్‌లో పెట్టాలి. జీమెయిల్‌లోని Archive బొత్తాం మెయిల్‌ను ఇన్‌బాక్స్ నుంచి తప్పిస్తుందే తప్ప విడిగా నకలు తీయదు. ట్రాష్‌లో పడినది 30 రోజులకు శాశ్వతంగా పోతుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు నింపాలి, ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది గనుక, దింపిన రోజే దానిని లెక్కించి తేదీతో రాసి పెట్టుకుంటే తరువాత ఎవరూ మార్చలేదని చూపడం సులభం. విండోస్‌లో ఫైలు ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, bakee.eml స్థానంలో మీ ఫైలు పేరు పెట్టి ఈ ఆదేశం ఇస్తే సరిపోతుంది:

```
certutil -hashfile bakee.eml SHA256
```

మెయిళ్లు పోయే దారుల్లో ఒకటి ఎవరూ ఊహించనిది. 15 జీబీ ఉచిత స్థలం నిండగానే పెద్ద మెయిళ్లను వెదికి తొలగిస్తారు. పెద్దవంటే స్కాన్ చేసిన బిల్లులు, సరుకు ఫోటోలు ఉన్నవే. మరొకటి, లెక్కలు రాసే గుమస్తా తన సొంత చిరునామా నుంచి వ్యాపారం నడిపి, పని మానేసి వెళ్లడం. సంస్థ పేరుతో చిరునామాలు తీసుకున్నా, గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక ఉద్యోగి ఖాతాను తొలగిస్తే దానిని తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులే సమయం.

కాబట్టి విధానాన్ని ఒక పేజీలో రాసుకోండి. బిల్లులు, ఆర్డర్లు, ధర అంగీకారం, బాకీ ఒప్పుకోలు, ఫిర్యాదులు ఉన్న మెయిళ్లను ఆర్థిక సంవత్సరం వారీ ఫోల్డర్లలో, ఆ సంవత్సరం ముగిశాక ఎనిమిదేళ్లు ఉంచితే జీఎస్టీ, కాలపరిమితి రెండూ సాధారణంగా ఇమిడిపోతాయి. కంపెనీగా నమోదైనవారికి ఖాతాల విషయంలో ఎనిమిది ఆర్థిక సంవత్సరాలన్నది కంపెనీల చట్టం నియమం కూడా. ప్రకటనలు, ఓటీపీలు, రవాణా సమాచారం వంటివి ఏడాది తరువాత తీసేయవచ్చు. ఉద్యోగానికి వచ్చినవారి ఆధార్ నకళ్లను మాత్రం పని అయ్యాక ఉంచుకోకండి.

వివాదం మొదలైతే ఈ లెక్కలన్నీ ఆగిపోవాలి. జీఎస్టీ నోటీసో, లాయరు నోటీసో అందిన రోజునే ఆ పార్టీకి సంబంధించిన ఏ మెయిల్‌నూ తొలగించవద్దని ఉద్యోగులందరికీ రాతపూర్వకంగా చెప్పాలి. సాక్ష్యంగా చూపకుండా ఉండేందుకు ఎలక్ట్రానిక్ రికార్డును ధ్వంసం చేయడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. జీఎస్టీ అప్పీలు నడుస్తుంటే, అది పూర్తిగా తేలిన తరువాత ఒక సంవత్సరం లేదా పైన చెప్పిన 72 నెలలు, ఏది తరువాత ముగిస్తే అంతవరకు ఉంచాలి.

నకళ్లు రెండు చోట్ల ఉండాలి, ఒకటి కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉంచని హార్డ్ డిస్కులో. ఏటా ఏప్రిల్‌లో పాత సంవత్సరపు ఫోల్డర్ నుంచి కొన్ని .eml ఫైళ్లను వేరే కంప్యూటరులో తెరిచి, అటాచ్‌మెంటు తెరుచుకుంటుందా, హ్యాష్ విలువ రాసుకున్నదానితో సరిపోతుందా అని చూడండి. సరిపోకపోతే రెండవ నకలుతో పోల్చి, అది సరిగా ఉంటే పాడైన ఫైలు స్థానంలో దానిని పెట్టి, ఆ మార్పును తేదీతో సహా విధానపు పేజీ వెనుక నమోదు చేయండి.