బోనస్, స్ప్లిట్ తర్వాత అమ్మిన షేరుకు కొన్న ధర ఎంత?

(విశాఖపట్నంలో చిన్న మదుపరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉక్కునగరం నుంచి, గాజువాక నుంచి, ఎంవీపీ కాలనీ నుంచి ఇంత ఎండలో వచ్చారు. కాబట్టి సూటిగా ఒకే ఒక్క లెక్కలోకి వెళ్దాం. పది షేర్లు కొన్నారు. కొన్నాళ్లకు డీమ్యాట్ ఖాతాలో వంద కనిపించాయి. అందులో యాభై అమ్మారు. ఆ యాభై షేర్లకు మీరు పెట్టిన డబ్బు ఎంత? జవాబు తప్పితే లాభం తప్పుతుంది, పన్ను తప్పుతుంది. మిగిలిన యాభై అమ్మిన ఏడాదిలో కూడా అదే తప్పు మళ్లీ వస్తుంది.

ఉదాహరణకు బజాజ్ ఫైనాన్స్‌ను తీసుకుందాం. ఆ కంపెనీ బోనస్‌నూ స్ప్లిట్‌నూ ఒకేసారి ఇచ్చింది కనుక మన లెక్కకు సరిగ్గా సరిపోతుంది. అవి ఎవరికి దక్కుతాయో తేల్చే రికార్డు తేదీ 2025 జూన్ 16. రెండు రూపాయల ముఖవిలువ ఉన్న ఒక షేరును రూపాయి ముఖవిలువ గల రెండు షేర్లుగా విడగొట్టారు. అలా వచ్చిన ప్రతి షేరుకూ నాలుగు బోనస్ షేర్లు ఇచ్చారు. ఒకటి రెండయింది, ఆ రెంటికీ ఎనిమిది బోనస్ వచ్చాయి, మొత్తం పది. పది షేర్లున్నవారికి వంద.

నిష్పత్తి చదవడంలోనే చాలామంది తడబడతారు. బోనస్ 4:1 అంటే చేతిలో ఉన్న ఒక్కో షేరుకు కొత్తగా నాలుగు వస్తాయి, పాతది కలిపితే ఐదు. స్ప్లిట్ 1:2 అంటే ఒకటి పోయి దాని స్థానంలో రెండు. అంటే బోనస్ నిష్పత్తిలో పాత షేరు కలిసి ఉండదు, స్ప్లిట్ నిష్పత్తిలో ఉంటుంది.

ఇప్పుడు ఒక మదుపరిని ఊహించుకుందాం. 2023లో పది షేర్లు ఒక్కోటి ఏడు వేల చొప్పున కొన్నారు. బ్రోకరేజీతో కలిపి మొత్తం 70,000 రూపాయలు అనుకుందాం. 2026 జనవరిలో యాభై షేర్లు వెయ్యి రూపాయల చొప్పున అమ్మారు, 50,000 వచ్చాయి. ఈ ధరలు లెక్క తేలికగా ఉండేందుకు నేను అనుకున్నవి. బోనస్, స్ప్లిట్ వివరాలు మాత్రం నిజమైనవి.

ఎవరినడిగినా మొదట చెప్పే లెక్క ఇది: డెబ్బై వేలను వందతో భాగిస్తే షేరుకు ఏడు వందలు, వెయ్యికి అమ్మారు కాబట్టి షేరుకు మూడు వందల లాభం, యాభై షేర్లకు 15,000. షేర్లు 2023లో కొన్నవి కాబట్టి దీర్ఘకాలిక లాభం, 1,25,000 లోపే ఉంది కాబట్టి పన్ను లేదు. వినడానికి చాలా సబబుగా ఉంటుంది. ఒకప్పుడు చట్టం కూడా ఇలాగే లెక్కించేది. 1964లో సుప్రీంకోర్టు దాల్మియా ఇన్వెస్ట్‌మెంట్ కేసులో, పాత షేర్ల ఖర్చును పాతవాటికీ బోనస్‌కూ కలిపి పంచాలని చెప్పింది. ఆ అలవాటే ఇప్పటికీ మిగిలింది. కానీ 1995 ఫైనాన్స్ చట్టం పెట్టుబడిదారుల విషయంలో ఆ పద్ధతిని తీసేసింది. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 55 ప్రకారం, డబ్బు కట్టకుండా వచ్చిన బోనస్ షేరుకు కొన్న ధర సున్నా. పాత షేరు ధర పాత షేరుకే ఉండిపోతుంది.

స్ప్లిట్‌కు వేరే నియమం. అక్కడ కొత్త ఆస్తి ఏదీ రాలేదు, ఉన్నదే రెండు ముక్కలైంది. కాబట్టి మొదటి షేరు ధర ఆ ముక్కల మధ్య పంచుకుంటుంది. మన మదుపరి 70,000 రూపాయలూ ఇరవై స్ప్లిట్ షేర్ల మీదే కూర్చుంటాయి, ఒక్కోటి 3,500. మిగిలిన ఎనభై బోనస్ షేర్లు సున్నా ధరవి. వంద షేర్లకూ ఒక్కోటికి ఏడు వందల చొప్పున పంచిన పాత లెక్క బోనస్‌నూ స్ప్లిట్‌లాగే చూసింది, తప్పు అక్కడే జరిగింది.

కాలం లెక్క కూడా ఈ రెంటికీ వేరే. స్ప్లిట్ షేర్లకు 2023లో కొన్న రోజు నుంచే లెక్క నడుస్తుంది. బోనస్ షేర్లకు అవి కేటాయించిన రోజు నుంచి మొదలవుతుంది. 2024 అక్టోబరు నుంచి అమలులో ఉన్న సెబీ నిబంధన ప్రకారం, రికార్డు తేదీ తర్వాతి పనిదినాన్ని కేటాయింపు తేదీగా పరిగణిస్తారు. జూన్ 16 సోమవారం కాబట్టి ఇక్కడ అది 2025 జూన్ 17. లిస్టయిన షేరు పన్నెండు నెలలు దాటితేనే దీర్ఘకాలికం. కనుక 2026 జనవరిలో ఆ బోనస్ షేర్లు ఇంకా స్వల్పకాలికమే.

ఇంకొక ప్రశ్న ఉంది: అమ్మిన యాభైలో ఏవి స్ప్లిట్‌వి, ఏవి బోనస్‌వి? అది మనం ఎంచుకునేది కాదు. డీమ్యాట్ ఖాతాలో ముందు వచ్చినవి ముందు పోయినట్టు లెక్కించాలని సెక్షన్ 45(2ఏ), 1998 జూన్ నాటి 768వ సర్క్యులర్ చెబుతున్నాయి. ఒక్కో డీమ్యాట్ ఖాతాకూ ఇది విడిగా వర్తిస్తుంది. కాబట్టి మొదట ఇరవై స్ప్లిట్ షేర్లు, ఆ తర్వాత ముప్ఫై బోనస్ షేర్లు అమ్ముడైనట్టు.

లెక్క వేద్దాం. ఇరవై షేర్లకు 20,000 వచ్చాయి, ఖర్చు 70,000. దీర్ఘకాలిక నష్టం 50,000. ముప్ఫై బోనస్ షేర్లకు 30,000 వచ్చాయి, ఖర్చు సున్నా. స్వల్పకాలిక లాభం 30,000. రెండూ కలిపితే నష్టం 20,000 కదా, పన్ను ఎందుకు అంటారు. దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలో మాత్రమే తీసేయాలి, స్వల్పకాలిక లాభం దగ్గరికి రానివ్వరు. ఆ 30,000 మీద 20 శాతం చొప్పున 6,000, దాని మీద నాలుగు శాతం సెస్ 240, మొత్తం 6,240 రూపాయలు కట్టాలి. పన్ను లేదని రాసిన వ్యక్తి నిజానికి కట్టాల్సిన సొమ్ము ఇది.

అయితే ఆ 50,000 నష్టం పోయినట్టు కాదు. రిటర్ను గడువులోగా వేస్తే ఎనిమిది అసెస్‌మెంట్ సంవత్సరాల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది, ఇది గట్టిగా గుర్తుంచుకోండి. మిగిలిన యాభై షేర్లూ బోనస్‌వే, ధర సున్నా. 2026 జూన్ 17 దాటాక అదే వెయ్యికి అమ్మితే 50,000 దీర్ఘకాలిక లాభం, వెనకటి 50,000 నష్టంతో సరిపోతుంది. వంద షేర్ల మీద మొత్తం లాభం ఏ లెక్కలో చూసినా 30,000 మాత్రమే. మారేది అది ఏ ఏడాదిలో, ఏ తరగతిలో పడుతుందన్నది. పన్ను నిర్ణయమయ్యేది అక్కడే. అందుకే బోనస్ వచ్చిన ఏడాదిలోపు పాత షేర్ల సంఖ్యను దాటి అమ్మే ముందు ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడాలని నా సలహా. మన ఉదాహరణలో ఇరవై దాటకుండా ఆగితే ఆ 6,240 ఉండేది కాదు.

తప్పు ఎక్కడ జరుగుతుందో ఇప్పుడు చూడండి. స్ప్లిట్ జరిగితే షేరును గుర్తించే ఐఎస్ఐఎన్ నంబరు మారుతుంది. డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో పాత నంబరు మీద పది షేర్లు బయటికి, కొత్త నంబరు మీద ఇరవై లోపలికి వచ్చినట్టు 2025 జూన్ తేదీతో కనిపిస్తుంది. ఆ తేదీని కొన్న తేదీగా తీసుకున్న లాభనష్టాల నివేదికలో ఇరవై షేర్లూ స్వల్పకాలికం అవుతాయి, అప్పుడు 50,000 నష్టం తప్పు తరగతిలో పడి స్వల్పకాలిక లాభాన్ని మింగేస్తుంది. ఒక బ్రోకర్ నుంచి ఇంకో బ్రోకర్‌కు షేర్లు మార్చుకున్నవారి నివేదికల్లో కొన్న ధర ఖాళీగానో తప్పుగానో ఉండవచ్చు. గుర్తు పట్టడానికి తేలిక పద్ధతి ఒకటుంది. నివేదికలో వంద షేర్లకూ ఒకే ధర, ఒకే తేదీ కనిపిస్తే అది తప్పు. రెండు వరుసలు ఉండాలి: ఇరవై షేర్లు 3,500 చొప్పున 2023 తేదీతో, ఎనభై షేర్లు సున్నాతో 2025 జూన్ తేదీతో.

బోనస్ ధర సున్నా కాని సందర్భం ఒకటుంది. రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లో కొని, బోనస్ తీసుకొని, రికార్డు తేదీ నుంచి తొమ్మిది నెలల్లోపు పాత షేర్లు నష్టానికి అమ్మి, బోనస్ షేర్లు చేతిలో ఉంచుకుంటే సెక్షన్ 94(8) అడ్డుపడుతుంది. ఇది ఒకప్పుడు మ్యూచువల్ ఫండ్ యూనిట్లకే ఉండేది, 2022 ఫైనాన్స్ చట్టం దీన్ని షేర్లకూ వర్తింపజేసింది. 2025 ఏప్రిల్‌లో పది షేర్లు 90,000కు కొన్నవారు, అక్టోబరులో ఇరవై స్ప్లిట్ షేర్లను 20,000కు అమ్మారనుకోండి. 70,000 నష్టాన్ని ఆ ఏడాది లెక్కలోకి తీసుకోరు. కానీ అదే 70,000 చేతిలో ఉన్న ఎనభై బోనస్ షేర్లకు కొన్న ధర అవుతుంది, ఒక్కోటి 875. ఈ సంగతి తెలియక నష్టం చూపించేవారున్నారు. అంతకన్నా ఎక్కువగా, తర్వాత బోనస్ అమ్మినప్పుడు ఆ 875ను వాడుకోవడం మరచి సున్నా రాసి అనవసరంగా పన్ను కట్టేవారున్నారు.

చివరిగా 2018 జనవరి 31 నాటికే కొన్నవారి మాట. ఆ రోజు పలికిన అత్యధిక ధర, అమ్మిన ధర, ఈ రెంటిలో తక్కువదాన్ని తీసుకొని, దానినీ అసలు కొన్న ధరనూ పోల్చి, ఎక్కువదాన్ని ఖర్చుగా పెట్టుకోవచ్చు. ఇక్కడ పాత షేరు ధరను అలాగే రాసేయకూడదు. ఆ రోజు ధర 1,700 అనుకుంటే, స్ప్లిట్ తర్వాత ఒక్కో షేరుకు 850. బోనస్ కోసం మాత్రం దాన్ని తగ్గించనక్కర్లేదు. పాత షేరు వెయ్యికి కొన్నదైతే స్ప్లిట్ తర్వాత 500. వెయ్యికి అమ్మితే 850, 1,000లలో తక్కువ 850, అది 500 కన్నా ఎక్కువ, కాబట్టి ఖర్చు 850, లాభం 150. 1,700 అని అలాగే రాస్తే లాభం సున్నా వస్తుంది, అది తక్కువ చూపినట్టే. ఐటీఆర్-2లోని షెడ్యూల్ 112ఏలో ఈ సంఖ్య షేరు ఒక్కింటికి అడుగుతారు, అందుకే అక్కడ జాగ్రత్త. 2025లో వచ్చిన బోనస్ షేర్లకు ఈ వెసులుబాటు లేదు. 2018 జనవరి 31 నాటికే చేతికి వచ్చిన బోనస్ షేర్లకు మాత్రం ఉంది.

నేను చెప్పిన సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2026 మార్చి 31 వరకు జరిగిన అమ్మకాలకు అవే చెల్లుతాయి. ఆ తర్వాతి అమ్మకాలకు 2025 నాటి కొత్త చట్టం నంబర్లు చూసుకోవాలి. ఇంటికి వెళ్లాక ఒక్కో కంపెనీకి ఒక పేజీ తీసి, తేదీ, షేర్ల సంఖ్య, మొత్తం ఖర్చు, ఏం జరిగింది అని నాలుగు గళ్లు గీయండి. స్ప్లిట్ వరుసలో సంఖ్య మాత్రమే మార్చండి, ఖర్చునూ తేదీనీ ముట్టుకోకండి. బోనస్‌కు కొత్త వరుస తెరిచి, ఖర్చు గడిలో సున్నా, తేదీ గడిలో కేటాయింపు తేదీ రాయండి. కొన్నప్పటి కాంట్రాక్టు నోటు, రికార్డు తేదీ చెప్పిన కంపెనీ ప్రకటన ఆ పేజీకి గుచ్చి ఉంచండి.